అద్దె సామాను తిరిగొచ్చినప్పుడు ఎక్కడ రాయాలి: డూప్లికేట్ పుస్తకమా, వాట్సాపా, షీటా, స్కానరా?

సౌండ్, లైటింగ్ అద్దెకిచ్చే షాపుల్లో సామాను బయటకు వెళ్లేటప్పుడు రాసే చీటీ దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. తిరిగొచ్చినప్పుడు దాని మీద పడేది మాత్రం ఒకటే మాట, "ఓకే". ఆ మాట రాసేది తెల్లవారుజామున మూడింటికి, ట్రక్కు వెనక తలుపు దగ్గర, నోట్లో సెల్‌ఫోన్ లైటు కరుచుకుని నిలబడ్డ కుర్రాడు. వాడు లెక్క చూశాడు, అంతే. ఏదీ ఆన్ చేసి చూడలేదు. చూడమని మనమూ చెప్పలేదు.

నేను ఈ విషయం మీద ఇంత ఆలోచించడానికి కారణం నిరుడు మాఘమాసంలో పోయిన ఒక స్పీకర్ హారన్. పక్క ఊళ్లో షాపు నడిపే మిత్రుడొకాయన సంగీత్ ఫంక్షన్‌కి చాలక మా దగ్గర రెండు టాప్‌లు, రెండు బేస్‌లు, నాలుగు షార్పీ లైట్లు తీసుకెళ్లాడు. ఆదివారం తెల్లవారకముందే సామాను దిగింది. మావాడు "అన్నీ వచ్చాయి, ఓకే" అని రాసి సంతకం పెట్టాడు. సోమవారం సాయంత్రం నిశ్చితార్థానికి సెట్ చేస్తుంటే ఒక టాప్‌లో హారన్ పలకడం లేదు. పాట వస్తోంది కానీ దుప్పటి కప్పినట్టు మూగగా వస్తోంది. ఫోన్ చేస్తే ఆయన కోప్పడలేదు. "అన్నా, మీ కుర్రాడే ఓకే అని రాశాడుగా, చీటీ ఫోటో నా దగ్గరే ఉంది" అన్నాడు.

నిజమే. పైగా మేం పంపిన చీటీలో "టాప్ 2" అని మాత్రమే ఉంది. మా దగ్గర అదే రకం టాప్‌లు నాలుగున్నాయి. ఏ రెండు వెళ్లాయో, వెళ్లేటప్పుడు వాటి హారన్లు పలికాయో లేదో నాకే తెలియదు. డయాఫ్రమ్ నేనే కొనుక్కుని వేయించాను.

ఆ తర్వాత ఏడాదిలో నాలుగు పద్ధతులు వాడి చూశాను. వాటిని మూడు ప్రశ్నలతో కొలుస్తాను. ఏ పెట్టె వెళ్లిందో నంబరుతో సహా చెప్తుందా? వెళ్లినప్పటి పరిస్థితి, వచ్చినప్పటి పరిస్థితి పక్కపక్కన కనిపిస్తాయా? "వచ్చింది" అనేదాన్ని, "పనిచేస్తోంది" అనేదాన్ని వేరు చేస్తుందా? ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా డబ్బు దగ్గర మన మాట నిలబడదు.

డూప్లికేట్ పుస్తకం

దీన్ని పాతకాలపు పద్ధతి అని తీసిపారేయలేం. చార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, చదువు అంతంతమాత్రంగా ఉన్న హెల్పర్ కూడా రాయగలడు. సంతకం అక్కడికక్కడే పడుతుంది.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, సామాను వెళ్లేటప్పుడే రెండో కాపీ చించి పార్టీకి ఇచ్చేస్తాం. తిరిగొచ్చినప్పుడు రాసేదంతా మన పుస్తకంలో మిగిలిన కాపీ మీదే. అంటే దెబ్బ తగిలిందని రాసింది మనమే, ఆ కాగితం దాచుకున్నదీ మనమే. రేపు మాటామాటా వస్తే దానికి విలువేముంది? దీనికి ఊళ్లో ప్రెస్ వాళ్ల దగ్గరే మందు దొరికింది. మూడు కాపీల పుస్తకం వేయించాను. ఒకటి పార్టీకి, ఒకటి పుస్తకంలో, మూడోది సామానుతో పాటు ట్రక్కులో వెళ్లి అదే ట్రక్కులో తిరిగి వస్తుంది. దించేటప్పుడు ఆ మూడో కాపీ మీదే "వచ్చినప్పుడు" గడి నింపి, తెచ్చినవాళ్ల సంతకం తీసుకుని, వెంటనే ఫోటో తీసి వాళ్లకు పంపుతాం. కార్బన్ పెట్టే రకం కన్నా రాస్తే తానే కింద అచ్చు పడే కాగితం నయం. చెమట చేతులకీ వానకీ కార్బన్ పుస్తకం మసిగుడ్డ అయిపోతుంది.

ఒక్క మాట, జీఎస్టీ కోసం ట్రక్కులో పెట్టే డెలివరీ చలాన్ వేరు, ఇది వేరు. చలాన్‌లో ఏ సరుకు, ఎంత విలువ అని ఉంటుంది. గ్రిల్ సొట్టపడిందని అందులో ఉండదు. రెండూ ఒకే కాగితంలో ఇరికిద్దామని చూశాను, ఏదీ సరిగ్గా కుదరలేదు.

వాట్సాప్ ఫోటోలు

కుర్రాళ్లకి అలవాటైన పని కాబట్టి చెప్పగానే మొదలుపెట్టేస్తారు. మైకు గ్రిల్ నొక్కుకుపోవడం, క్లాంప్ వంగడం, బేస్ బాక్సు మూల చెక్క లేవడం, ఇలాంటి వాటికి ఫోటోని మించిన సాక్ష్యం లేదు. పంపిన టైమ్ ఉంటుంది, ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది.

కానీ హారన్ పోయిన టాప్ ఫోటోలో కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతూ ఉంటుంది. మా కేసులో ఫోటోలు నలభై తీసినా లాభం ఉండేది కాదు. ఇంకో చిక్కు, సీజన్ అయ్యాక వెతకడం. ఆ గ్రూపులోనే భోజనాల ఫోటోలు, గుడ్ మార్నింగ్‌లు, బిల్లులు అన్నీ ఉంటాయి. ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ తీసుకోకపోయినా, గ్రూపులో ఎవరైనా మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టినా సంగతి అంతే.

అయినా ఫోటోలు మానొద్దు. ఎలా తీయాలో మాత్రం ఒక పద్ధతి పెట్టుకోండి. పెట్టె మీద నంబర్ స్టిక్కర్ ఫ్రేములో పడాలి. వెళ్లేటప్పుడు ఏ వైపు నుంచి తీశామో వచ్చినప్పుడూ అదే వైపు నుంచి తీయాలి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది, సన్న గీతలు కనపడవు. దెబ్బ ఉన్న ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇది చీటీకి తోడు మాత్రమే, చీటీ బదులు కాదు.

ఫోన్లో షీటు

గూగుల్ షీట్ ఖర్చు లేనిది. వరసకి ఒక పెట్టె. వెళ్లినప్పటి గడి పక్కనే వచ్చినప్పటి గడి. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది కాబట్టి రాసింది చెరిపి మళ్లీ రాస్తే దొరికిపోతుంది. నాకు దీంట్లో బాగా నచ్చింది ఒకే ఒక లెక్క. సామాను వచ్చింది, కానీ ఇంకా పరీక్ష చేయనివి ఎన్ని ఉన్నాయో పైనున్న ఒక గడిలో చూపిస్తుంది:

```
=COUNTIFS(E2:E60,"వచ్చింది",F2:F60,"")
```

ఇక్కడ E గడిలో వచ్చిందా లేదా అన్నది, F గడిలో పరీక్ష ఫలితం. ఆ అంకె సున్నా అయ్యేదాకా ఆ సామాను ఇంకో బుకింగ్‌కి ఎక్కించం.

షీటు బదులు గూగుల్ ఫారం పెడితే నింపడం తేలికని కొందరు చెప్తారు. ఫారంలో ఫోటో అప్‌లోడ్ అడిగితే నింపేవాళ్లు గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి, నెట్ లేకపోతే ఫారం తెరుచుకోదు. మా గోడౌన్ రేకుల షెడ్డు, లోపల సిగ్నల్ ఒక గీత. షీటునైతే ముందే ఆఫ్‌లైన్‌లో ఉంచుకోవచ్చు. ఏమైనా తెల్లవారుజామున మూడింటికి ఫోన్లో చిన్న గడులు నింపమంటే ఎవరూ నింపరు, మర్నాడు గుర్తున్నంత నింపుతారు. అందుకే నేను రాత్రి పని కాగితానికి, పగటి పని షీటుకి ఇచ్చాను.

స్కానర్, సాఫ్ట్‌వేర్

కరెంట్ ఆర్‌ఎమ్‌ఎస్, రెంట్‌మ్యాన్ లాంటివి అద్దె సామాను కోసమే తయారైనవి. ప్రతి పెట్టెకీ క్యూఆర్ కోడ్ అంటించి, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చినప్పుడు ఒకసారి స్కాన్ చేస్తారు. పాడైనదాన్ని పక్కన పెడితే తర్వాతి బుకింగ్‌లో అది లెక్కకి రాదు. రోజుకి మూడు నాలుగు ఈవెంట్లు చేసే పెద్ద కంపెనీలకి ఇది లేకపోతే పని నడవదు. నెలనెలా కట్టాలి, ఒక మనిషి దాని మీదే కూర్చోవాలి.

నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. స్కాన్ చేయగానే "టిక్" అని శబ్దం వస్తుంది చూశారూ, అది పాత "ఓకే"కి కొత్త వేషం. పెట్టె గోడౌన్లోకి వచ్చిందనే దానికి తెలుసు. హారన్ పలుకుతుందో లేదో తెలియదు. స్కాన్ అయినవన్నీ బాగున్నట్టు లెక్కేసుకుంటే మళ్లీ మొదటికే. కొనేముందు డెమోలో ఒక్కటే అడగండి: "వచ్చింది, కానీ పరీక్ష కాలేదు" అనే స్థితి ఇందులో ఎలా చూపిస్తారు? తేలిగ్గా చూపించలేకపోతే మీకది ఖరీదైన డూప్లికేట్ పుస్తకమే. స్టిక్కర్ల సంగతి కూడా చూసుకోండి. షార్పీ వేడికి మామూలు కాగితపు స్టిక్కర్ ఊడొచ్చేస్తుంది, కేబుళ్లకి అసలు నిలవదు. కేబుల్ చివర నంబరు చీటీ పెట్టి పైన పారదర్శకంగా ఉండే హీట్ ష్రింక్ ట్యూబు వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

పరీక్ష గడిలో ఏం రాయాలి

ఏ పద్ధతి ఎంచుకున్నా చీటీ బలమంతా ఈ గడిలోనే ఉంది. అక్కడ "బాగుంది" అని రాయనివ్వకండి. ఏం చేసి చూశారో రాయించండి.

టాప్‌నే తీసుకుందాం. మా కుర్రాడొకడు తెలివిగా మల్టీమీటర్ తెచ్చి స్పీకాన్ సాకెట్‌లో పెట్టి చూసి, "బాబాయ్, ఆరు ఓమ్‌లు చూపిస్తోంది, స్పీకర్ బాగుంది" అన్నాడు. 8 ఓమ్‌ల బాక్సుకి మీటర్లో 6 చుట్టుపక్కల రావడం మామూలే. కానీ ఆ అంకె లోపలున్న పెద్ద కోన్‌ది. యాంప్లిఫయర్ విడిగా పెట్టి నడిపే ఇలాంటి బాక్సుల్లో హారన్‌కి ముందు క్రాస్ఓవర్‌లో కెపాసిటర్ ఉంటుంది. మీటరు పంపే డీసీ కరెంటు దాన్ని దాటి పోదు. హారన్ కాయిల్ తెగిపోయి ఉన్నా సాకెట్ దగ్గర అదే 6 కనిపిస్తుంది. హారన్‌ని మీటరుతో చూడాలంటే వెనక ప్లేటు విప్పి డ్రైవర్ వైర్లు తీసి చూడాలి. తెగితే అప్పుడు OL అని వస్తుంది. యాంప్లిఫయర్ లోపలే ఉన్న బాక్సుకైతే బయటి నుంచి ఈ కొలతే కుదరదు.

అంత కష్టం అక్కర్లేదు. తక్కువ వాల్యూమ్‌లో తెలిసిన పాట పెట్టి చెవిని హారన్ ముందు పెడితే తాళాల చప్పుడు, "స" శబ్దం స్పష్టంగా వినపడాలి. రెండు టాప్‌లనీ ఒకదాని తర్వాత ఒకటి వింటే తేడా పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. కాబట్టి గడిలో రాయాల్సింది "స్పీకర్ ఓకే" కాదు, "హారన్ విన్నాం, కోన్ విన్నాం". ఈ రెండు మాటలు రాయాలంటే రెండు పనులు చేసి తీరాలి.

షార్పీకి చెవి పనిచేయదు కానీ అంతకన్నా మంచి సాక్షి దాని లోపలే ఉంది. బల్బుతో నడిచే మూవింగ్ హెడ్లలో చాలావాటి మెనూలో బల్బు ఎన్ని గంటలు వెలిగిందో చూపించే లెక్క ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆ అంకె, వచ్చినప్పుడు ఆ అంకె రాయండి. అయిదు గంటల సంగీత్‌కి వెళ్లిన లైటు 412 దగ్గర బయల్దేరి 419 దగ్గర తిరిగొస్తే సరే, సెట్టింగ్, రిహార్సల్ కలిపి ఆ మాత్రం అవుతుంది. 431 దగ్గర వస్తే అది ఇంకో ఫంక్షన్ కూడా చూసొచ్చిందని అర్థం, లేదా పగలంతా ఎవరూ ఆర్పలేదని. తప్పు ఎవరిదో ఆ అంకె చెప్పదు. అడగడానికి మాత్రం మనకో కారణం ఇస్తుంది. తర్వాత డిస్‌చార్జ్ బల్బు ఉన్న లైటుని ఆన్ చేసి, తల అటూ ఇటూ తిరిగి రీసెట్ పూర్తయ్యేదాకా చూసి, బల్బుని మెనూలో ఆర్పి, ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగాకే మెయిన్ తీయాలి. పరీక్ష పేరుతో వేడి మీద ప్లగ్ పీకేస్తే పార్టీ చేయని డ్యామేజ్ మనమే చేసినట్టు.

ఎల్‌ఈడీ పార్ లైట్లకి ఒక చిన్న సంగతి. తెల్లగా వెలిగించి "పనిచేస్తోంది" అనుకుంటే ఒక రంగు వరస చచ్చిపోయినా కనపడకపోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వెలిగించి చూడాలి.

ఇవన్నీ రాత్రి అయ్యే పనులు కావు. అందుకే చీటీలో రాత్రికి ఒక గడి, పగటికి ఒక గడి. ఇప్పుడు మేం వాడే చీటీలో నాలుగు వరసలు చూపిస్తాను:

| నంబరు, సామాను | వెళ్లినప్పుడు | దింపినప్పుడు, రాత్రి 3:10 | పరీక్ష, పగలు 11:30 |
|---|---|---|---|
| టి-2 టాప్ | హారన్, కోన్ విన్నాం. ఎడమ మూల పాత గీత | వచ్చింది, కొత్త దెబ్బ లేదు | హారన్, కోన్ విన్నాం |
| టి-3 టాప్ | హారన్, కోన్ విన్నాం | వచ్చింది, కొత్త దెబ్బ లేదు | కోన్ విన్నాం. హారన్ పలకలేదు |
| ఎస్-1 షార్పీ | 412 గంటలు, రీసెట్ సరి | వచ్చింది, సేఫ్టీ చెయిన్ లేదు | 419 గంటలు, రీసెట్ సరి |
| సి-7 పవర్ కేబుల్ | పరీక్షించాం | రాలేదు | |

"ఎడమ మూల పాత గీత" అన్నది చూడండి. పార్టీ తరఫున ఆలోచిస్తే చీటీలో అన్నిటికన్నా నమ్మకం కలిగించే మాట అదే. మన సామాను పాత దెబ్బలు మనమే ముందు రాసి ఇస్తే, తర్వాత కొత్త దెబ్బ చూపించినప్పుడు ఎదుటివాళ్లు వింటారు.

చీటీ కింద ఒక వాక్యం అచ్చు వేయించాను. "సామాను దింపిన మర్నాడు సాయంత్రం 6 లోపు పరీక్ష చేసి చెప్తాం. ఆ తర్వాత బయటపడిన లోపం మాది." ఈ గడువు పెట్టాక మిత్రుల షాపుల వాళ్లు పరీక్ష గడికి అభ్యంతరం చెప్పడం మానేశారు. ఎప్పుడో వారం తర్వాత ఫోన్ చేసి డబ్బడుగుతామేమో అన్నదే వాళ్ల భయం. మావాళ్లకి కూడా సాయంత్రం ఆరు అనేసరికి కాళ్లల్లో చురుకు పుడుతోంది.

ఈ చీటీ ఆ మాఘమాసంలోనే ఉండి ఉంటే ఏమయ్యేదో పై పట్టికలో టి-3 వరస చెప్తుంది. వెళ్లినప్పుడు హారన్ విన్నాం, మర్నాడు పలకలేదు, గడువులోపే చెప్పాం. అప్పుడు మిగిలే ప్రశ్న ఒక్కటే, హారన్ వాళ్ల చేతిలో ఎలా పోయిందని. చిన్న యాంప్లిఫయర్‌ని క్లిప్ లైటు వెలిగేదాకా నెట్టారా, పాత కాయిల్ దాని టైమ్ వచ్చి తెగిందా అన్నది చీటీ తేల్చదు. మేమైతే ఇప్పుడు మిత్రుల దగ్గర డయాఫ్రమ్ ఖర్చు సగం సగం వేసుకుంటున్నాం. మామూలు పార్టీల దగ్గరైతే అడ్వాన్స్‌లోంచి తీసుకునేది దేనికెంతో వెళ్లేటప్పుడే చీటీలో రాసి ఉండాలి. తర్వాత పుట్టే రేటుకి ఎవరూ ఒప్పుకోరు.

ఎవరికి ఏది

ఒక్క సెట్టు పెట్టుకుని, ఎక్కడికి వెళ్లినా తానే వెళ్లి ఆపరేట్ చేసేవాళ్లకి నోట్‌బుక్ సరిపోతుంది. సామాను మన కళ్ల ముందే ఉంటుంది, ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఏది పోయిందో తెలుస్తుంది. తిరిగొచ్చినప్పుడు చూడాల్సింది క్లిప్పులు, అడాప్టర్లు, క్లాంపులు లాంటి చిన్న సామాను లెక్కే.

ఆపరేటర్ లేకుండా సామాను మాత్రమే ఇచ్చేవాళ్లకి, తోటి షాపులకి సర్దేవాళ్లకి నా సలహా మూడు కాపీల పుస్తకం, దెబ్బలకి ఫోటోలు, పరీక్షకి షీటు. నేను నిలబడ్డది ఇక్కడే. ప్రతి పెట్టెకీ నంబరు వేయడానికి మాకు ఒక ఆదివారం పట్టింది.

పెట్టెలు వందలు దాటి, ఏది ఏ ట్రక్కులో ఉందో గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాని స్థితి వస్తే సాఫ్ట్‌వేర్ తీసుకోండి. అది లెక్క కోసం. పరీక్ష ఎలాగూ మనిషే చేయాలి, ఆ మనిషి ట్రక్కుతో వచ్చినవాడు కాకపోతే మంచిది. తాను తెచ్చిన పెట్టెలో లోపం తానే రాయాలంటే ఎవరికైనా చెయ్యి రాదు.

వీటన్నిటికీ లొంగని సందర్భం ఒకటుంది. శ్రావణమాసంలోనో వినాయక చవితి రోజుల్లోనో సామాను గోడౌన్‌కి రాకుండానే ఒక ఫంక్షన్ నుంచి తిన్నగా ఇంకో ఫంక్షన్‌కి వెళ్లిపోతుంది. పరీక్ష చేసే పగలే ఉండదు. అలాంటప్పుడు మేం మొదటి పార్టీ చీటీ మూడో కాపీని ట్రక్కులోనే ఉంచి, రెండో చోట సౌండ్ చెక్ చేసేటప్పుడే ఆ పాత చీటీలో పరీక్ష గడి నింపుతాం. టైమ్ వేసి, ఫోటో తీసి, మొదటి పార్టీకి పంపి, ఆ తర్వాతే రెండో పార్టీకి కొత్త చీటీ రాస్తాం. అదీ కుదరకపోతే గడిలో "చూడలేదు" అని రాస్తాం. మొదటివాళ్లని అడిగే హక్కు అక్కడితో పోయింది. రెండోవాళ్ల చీటీలో "వెళ్లినప్పుడు" గడిలో కూడా "చూడలేదు" అనే ఉంటుంది.